బొట్టుతో సహా జతపరచిన కాగితాలు

మా నాన్న సొంతూరు వదిలి ఈ హిందీ దేశానికొచ్చి, సర్కారు రోడ్ల శాఖలో రోలరు నడిపేవాడు. ఉద్యోగంలో ఉండగానే కామెర్లతో పోయాడు. ఆఫీసువాళ్లు కాగితాలు రాంచీలో పెన్షన్లు తేల్చే ఆఫీసుకు పంపితే, ఎనిమిది నెలలకు అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మంజూరైందని ఉత్తరం వచ్చింది. ఇక ట్రెజరీకి దరఖాస్తు పెట్టుకుని, మనిషి స్వయంగా వెళ్లి కనిపించాలి. అది కుదరకపోతే గోవింద్‌పూర్‌లో మా గది ఖాళీ చేసి పెదనాన్న పంచన చేరాలి. పెదనాన్న మంచివాడే కానీ, ఆయన ఇంట్లో గాలి కూడా ఆయన్ను అడిగే వీయాలి.

దరఖాస్తు రాసింది నేనే. హిందీ మీడియంలో చదివిన పాపానికి ఇంట్లో గుమాస్తా పని నా మెడకే పడింది. చివర జతపరచిన కాగితాల జాబితా రాశాను: మరణ ధ్రువపత్రం, రాంచీ ఉత్తరం నకలు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేసిన మూడు ఫోటోలు, ఎత్తూ పుట్టుమచ్చలూ రాసిన కాగితం, ఎడమ బొటనవేలి ముద్రలు, మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న ధ్రువపత్రం.

ఆ చివరిది చదివి వినిపిస్తే అమ్మ చేతిలో పని పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“నానేటే పెళ్లి సేసుకునేది? నడుం వంగితే లెగనేను. అది కూడా రాయి.”

నడుం సంగతి రాయలేదు. రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీలు, రోలరు తాళంచెవి ఆఫీసుకు తిరిగిచ్చిన రసీదు మాత్రం రాయక తప్పలేదు.

“ఆ రసీదు ఎందుకమ్మా?”

“రేపు రోలరేదీ అని నన్నడిగితే? రాయెహే.”

జాబితా తొమ్మిదో నంబరు దాకా సాగింది.

ఫోటో దగ్గర పేచీ వచ్చింది. నాన్న పోయే ముందు ఏడాది ఏదో ఆఫీసు పనికి తీయించిన ఫోటో ఉంది. అందులో అమ్మ నుదుట ఇంత బొట్టు. నాన్న పోయిన పదో రోజున పెద్దమ్మ ఆ బొట్టు తుడిచేసింది. కొత్త ఫోటో తీయిద్దామంటే అమ్మ ససేమిరా అంది.

“ఈ మొకంతో నాను పోటో దిగను.”

పాత ఫోటోకే సర్కారు డాక్టరుగారు సంతకం చేసిపెట్టారు. “ఫోటోలో ఉన్నట్టే ఉండాలి సుమా, తేడా కనిపిస్తే కాగితాలు వెనక్కి పంపుతారు” అని నేను నా తెలివికొద్దీ చెప్పి ఊరుకున్నాను.

ట్రెజరీ వరండా ఎక్కేదాకా అమ్మ తలమీద ముసుగు తియ్యలేదు. అక్కడ నిలబడి కొంగుముడి విప్పి, తిలకం సీసా తీసి, అద్దం లేకుండానే సరిగ్గా నుదుటి మధ్యన బొట్టు దిద్దుకుంది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“తేడా ఉండకూడదన్నావు కాదేటి? పద.”

బడాబాబు, అంటే అక్కడి హెడ్ గుమాస్తా, కాగితాలన్నీ తిప్పాడు. తాళంచెవి రసీదు దగ్గర కళ్లజోడు తుడుచుకున్నాడు. పెళ్లి చేసుకోలేదన్న ధ్రువపత్రం చూసి అమ్మ బొట్టు చూశాడు. మళ్లీ ధ్రువపత్రం చూశాడు. ఈవిడ భర్త ఎక్కడున్నాడని నన్ను హిందీలో అడిగాడు. పోయాడన్నాను. మరి ఈ బొట్టు ఎవరిదన్నాడు. ఫైలు పక్కకు నెట్టేశాడు. నాకు పెదనాన్న ఇల్లే కళ్లముందు మెదిలింది.

అమ్మ ఆ ఫైలు రెండు చేతులా ఎత్తుకుని, అడ్డొచ్చిన చప్రాసీని తప్పించుకుని, నేరుగా ట్రెజరీ ఆఫీసరు గదిలోకి నడిచింది. వెనకాలే నేనూ, నా వెనకాల బడాబాబూ.

“సాబ్, పోటో దేఖో. హమ్‌కో దేఖో” అంది అమ్మ.

ఆఫీసరు ఫోటో చూశాడు, అమ్మను చూశాడు. చెంప మీది మచ్చ కాగితంతో సరిపోల్చాడు. తన ఎదుట మళ్లీ వేలిముద్ర వేయించి పాతవాటి పక్కన పెట్టి చూశాడు. బొట్టు గురించి ఏ రూలులో ఉందో చూపించమని బడాబాబును అడిగాడు. బడాబాబు కిటికీలోంచి బయటకు చూశాడు. సంతకం అయింది.

బయటకు రాగానే జేబురుమాలు ఇచ్చాను, తుడుచుకోమని. అమ్మ తీసుకోలేదు.

“ఏటా వచ్చి కనిపించాలంట కదే. ఆ పోటోయే సూత్తారు. ఉండనీ.”

ఏడాదికి ఒక్క రోజు పనికి ఏడాది పొడుగునా బొట్టెందుకని అడగబోయి, ఆమె ముఖం చూసి మానేశాను. ఇన్ని నెలల తర్వాత మా అమ్మ నాకు మళ్లీ అమ్మలా కనిపించింది. ఏడుపొచ్చింది.

ఆదివారం పెదనాన్న, పెద్దమ్మ వచ్చారు. పెద్దమ్మ గుమ్మంలోనే ఆగి అమ్మ నుదుటి మీది బొట్టు చూసింది. పెదనాన్న నోరు తెరిచాడు.

“ఏటిది మరదలా? నలుగురూ ఏటనుకుంటారు?”

“సర్కారోల్ల ఆర్డరు బావగారూ. తీత్తే పించను ఆపేత్తారంట.”

“ఏదీ, ఆర్డరు సూపించు.”

అమ్మ తడుముకోకుండా రాంచీ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

గొంతు సవరించుకుని చదివాను. మంజూరైన సంగతి చదివాను. ట్రెజరీ సంగతి చదివాను. ఆ తర్వాత, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, బొట్టు సంగతి కూడా చదివాను.