అద్దాలమ్మ పంపిన పుట్టినరోజు కబురు

కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆవిణ్ణి వీధి వీధంతా అద్దాలమ్మ అనే పిలుస్తుంది. తండ్రి నేర్పిన పని. ఆయన పోయాక కొట్టుకి కొత్త బల్ల, కొత్త దీపాలు వచ్చాయి గానీ పద్ధతులు మాత్రం పాతవే. వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెడుతుంది, మంచినీళ్ళు ఇస్తుంది, ఆ తరవాతే కళ్ళ సంగతి. చూపు పరీక్షించేటప్పుడు వయసు కావాలి కాబట్టి ప్రతివాళ్ళ పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఒక కార్డు మీద రాసుకుంటుంది. ఆ కార్డుల్ని నెలలవారీగా పెట్టెలో సర్ది, ఏ రోజు ఎవరి పుట్టినరోజో చూసి, పొద్దున్నే కొట్టు ఊడ్చాక ఫోన్‌లో శుభాకాంక్షలు పంపుతుంది.

ఈ శుభాకాంక్షల మీద ఆవిడకి కొంచెం గర్వం ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది. చెల్లెలి కొడుకు ఒకసారి వచ్చి, పెద్దమ్మా, అందరికీ ఒకే మెసేజీ దానంతటదే వెళ్ళేలా పెడతాను, కింద ఇరవై శాతం తగ్గింపు అని కూడా రాద్దాం అన్నాడు. పుట్టినరోజు నాడు బేరాలేంట్రా, పిలిచి జేబు తడిమినట్టుంటుంది అని కొట్టిపారేసింది. ఎవరికి వాళ్ళకే వేరుగా, తన వేళ్ళతో తనే కొడుతుంది. మనవరాలికి పాఠాలు చెప్పే తాతగారికి ఒక మాట, రాత్రి బండి నడిపే డ్రైవరుకి ఒక మాట. చివర మాత్రం అందరికీ ఒకటే: దారిలో వస్తే ఆగండి, మరలు బిగించి అద్దాలు తుడిచి ఇస్తాను, ఊరికే. అంతకుమించి కొనమని, చూడమని ఒక్క అక్షరం ఉండదు. ఆ మెసేజీలు దాచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ గురువారం పెట్టెలోంచి వచ్చిన కార్డు ఒక కుట్టుపని అమ్మాయిది.

అమ్మాయి అంటే ముప్పై దాటిన మనిషే. కొన్నేళ్ళ కింద మొగుడితో కలిసి వచ్చింది. ఊరి అవతలి కొస నుంచి వచ్చారు. ఆమె పరీక్ష కుర్చీలో కూర్చుంటే ఆయన వెనకే నిలబడ్డాడు. అద్దాలమ్మ అద్దం మార్చి, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడిగితే, అమ్మాయి నోరు తెరిచేలోపు ఆయనే, ఇదే బాగుందండీ అనేవాడు. మెత్తటి గొంతు, ఎక్కడా విసుగు లేదు. ఏమయ్యా, ఆవిడ కళ్ళతో నువ్వు చూస్తున్నావా అని అద్దాలమ్మ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. ఫోన్ నంబరు అడిగితే తనదే ఇచ్చాడు.

రెండు వారాల కింద అమ్మాయి ఒంటరిగా వచ్చింది. కళ్ళజోడు కాడ విరిగి, దారంతో కట్టి ఉంది. కింద పడిందక్కా అంది. కాడ పడితే విరిగే చోట విరగలేదు, పిడికిట్లో నలిపినట్టు మెలి తిరిగింది. అద్దాలమ్మ దారం విప్పి పక్కన పెట్టింది. ఇప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే ఉంటున్నానని, ఒక్కతినే ఉంటున్నానని అమ్మాయే చెప్పింది. నంబరు రాసుకోనా అంటే, ఇప్పుడు ఫోన్ లేదక్కా, నేనే వచ్చి కనుక్కుంటాను అంది. ఈసారి పరీక్షలో తన కళ్ళకి తనే జవాబు చెప్పింది. పాత జోడులో ఒక కంటి పవర్ మొదట్నుంచీ తప్పే అని తేలింది. ఇన్నేళ్ళూ తలనొప్పితోనే సూదిలో దారం ఎక్కించింది కాబోలు.

సోమవారం కొత్త జోడు పట్టుకెళ్ళింది. పెట్టుకుని వీధిలోకి చూసి, ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలకి క్లిప్పులు కూడా కనిపిస్తున్నాయని మురిసిపోయింది. కానీ జోడు ముక్కు మీద జారుతోంది. ఆ పూట కొట్టు నిండా జనం. శనివారం పదకొండుకి రా తల్లీ, తీరిగ్గా చెవుల దగ్గర వంచి ఇస్తాను అంది అద్దాలమ్మ. సరేనని, గడియారాలు బాగుచేసే ముసలాయన బంకు దగ్గర మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున్న అద్దాలమ్మ ఫోన్‌లో ఇలా కొట్టింది: "పుట్టినరోజు శుభాకాంక్షలు తల్లీ. నీ కళ్ళు చల్లగా ఉండాలి, చూసేవన్నీ మంచివే కావాలి. కొత్త జోడు జారుతోందన్నావు కదా, శనివారం వచ్చినప్పుడు సరిచేసి ఇస్తాను. దిగులు పెట్టుకోకు." కార్డు మీదున్న నంబరుకి పంపేసింది. అలవాటైన చెయ్యి ఆలోచించదు.

జవాబు వెంటనే వచ్చింది. థాంక్సండీ, శనివారం ఎన్నింటికి రమ్మన్నారో మర్చిపోయాను అని. అద్దాలమ్మకి సంతోషమేసింది. పదకొండుకి తల్లీ, తొందరేం లేదు అని కొట్టి, పనిలో పడింది.

అద్దం అంచు అరగదీస్తుండగా తట్టింది. ఫోన్ లేదంది కదా. మరి జవాబు ఎవరిచ్చారు?

మిషన్ ఆపి కార్డు తీసి చూసింది. నంబరు పక్కన తన చేతిరాతే, భర్తది అని. పిల్ల ఎక్కడుందో తెలియక తిరుగుతున్నవాడికి కొట్టు చెప్పి, రోజు చెప్పి, గంట కూడా చెప్పింది. పులిని పిలిచి పీట వేసింది. తగ్గింపు మెసేజీ పంపినా సరిపోయేది, దానివల్ల ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు కదా, ఆవిడా పట్టుకుంది. శనివారం కొట్టు సెలవు, సోమవారం రా తల్లీ అని మళ్ళీ మెసేజీ పెట్టింది. జవాబు మర్యాదగానే వచ్చింది: పర్లేదండీ, అటువైపు పనుంది, ఎలాగూ వస్తాను. పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడాయన అంతా విని, కొట్టాడా, బెదిరించాడా అని అడిగాడు. ఎన్నింటికి రమ్మన్నారని అడిగాడండీ అంది. చెప్పాక తనకే వెర్రిగా వినిపించింది. శుక్రవారమంతా చుట్టుపక్కల కుట్టు దుకాణాలు తిరిగింది. గట్టిగా అడగడానికి భయం, అడిగితే ఆ మాట ఇంకెవరి చెవిన పడుతుందోనని. అమ్మాయి దొరకలేదు.

శనివారం, అమ్మాయి వస్తే వెంటనే చెప్పి పంపెయ్యాలని పెందలాడే తలుపులు తీసేసరికి ఆయన మెట్టు మీద ఉన్నాడు.

సెలవన్నారే అన్నాడు నవ్వుతూ. ఆయన లోపలికొచ్చి, వీధి కనిపించేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. మనిషి కాస్త చిక్కాడు, చొక్కా మడత నలగలేదు. గోడ మీది ఫ్రేములన్నీ నింపాదిగా చూశాడు. మంచినీళ్ళు ఇవ్వరా అని అడిగి మరీ తాగాడు. వాళ్ళావిడ గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

పదకొండు దగ్గర పడుతుండగా ఆయన తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మరలు బిగించి తుడిచి ఇస్తారటగా, ఊరికే. నా పుట్టినరోజుకి రాశారు. కూర్చున్నాను కదా, చూడండి."

అవును, అప్పుడు ఆయన కళ్ళూ చూసి కార్డు రాసుకుంది, ఆయనకీ రాసింది, ఏటా. అద్దాలమ్మ ఆ జోడు చేతిలోకి తీసుకుంది. అద్దాలు సీసా అడుగంత మందం. ఇవి లేకపోతే ఈ మనిషికి గుమ్మం దాటి ఏదీ ఆనదు. రెండు మరలూ విప్పి, రెండు అద్దాలూ ఊడదీసి, తుడిచే గుడ్డలో చుట్టి కొట్లో వేసుకునే కోటు జేబులో వేసుకుంది.

"మర అరిగిపోయిందండీ. గడియారాలాయన దగ్గర ఈ సైజుది ఉంటుంది, తెస్తాను" అంది.

ఆయన తల ఆమె గొంతు వైపు తిరిగింది. కళ్ళు చికిలించాడు.

"త్వరగా రండి. నేనెక్కడికీ పోను" అన్నాడు.

వీధిలో పరిగెత్తకూడదని, పరిగెత్తితే చప్పుడు వింటాడని, నడిచింది. బంకు మలుపులో అమ్మాయి ఎదురొచ్చింది. జారుతున్న జోడుని వేలితో పైకి తోసుకుంటూ, నవ్వుతూ. అద్దాలమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని బంకు చాటుకి లాగింది. ఆయన కొట్లో ఉన్నాడని, తనే రప్పించానని, తప్పంతా తనదేనని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ముసలాయన తల ఎత్తి చూసి, మళ్ళీ గడియారంలోకి వంగాడు.

అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఏం రాశారక్కా?"

"ఎందుకమ్మా ఇప్పుడది?"

"మొన్న పుట్టినరోజుకి నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఏం రాశారో చెప్పండి."

అద్దాలమ్మ చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా ఎందరికో రాసింది గానీ తన శుభాకాంక్షలు నోటితో పలకడం అదే మొదలు. చూసేవన్నీ మంచివే కావాలి అనడానికి సిగ్గేసింది. అయినా పూర్తిగా చెప్పింది, దిగులు పెట్టుకోకు అనేదాకా.

"బాగుంది" అంది అమ్మాయి. "నాకు రాసింది ఆయన చదువుకున్నాడు."

ఇక్కడ కుదిరిన పని, అద్దెగది, అన్నీ ఈ పూటే వదిలెయ్యాలని ఆమెకి తెలిసిపోయింది. జోడు ఇలా ఇవ్వు, చేత్తోనైనా కాస్త వంచుతానని అద్దాలమ్మ చెయ్యి చాపింది. అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది.

"వద్దక్కా. కొట్టు వైపు తిరిగి నిలబడండి. నేను ఎటు వెళ్తున్నానో చూడకండి."

"నేనెవరికి చెప్తానమ్మా, చచ్చినా చెప్పను."

"చెడ్డతనంతో చెప్పరు, నాకు తెలుసు. మంచితనంతో చెప్తారు. తిరగండి."

అద్దాలమ్మ బంకు చాటు దాటి ఒకడుగు వేసింది. కొట్టు వైపు తిరిగి నిలబడింది. వెనక చెప్పుల చప్పుడు రెండు మూడు అడుగులు వినపడి వీధి రొదలో కలిసిపోయింది. ఎదురుగా తన కొట్లో ఆయన అదే కుర్చీలో, ముఖం సరిగ్గా ఇటే పెట్టి కూర్చున్నాడు. ఏమీ కనిపించదని తెలిసినా చూస్తున్నట్టే ఉంది. జేబులో ఆయన అద్దాలు బరువుగా ఉన్నాయి. అమ్మాయి దూరం పోవాలంటే ఎంతసేపు నిలబడాలో లెక్క తెలియక, అద్దాలమ్మ అలాగే నిలబడిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.