పదకొండు పనుల ఉత్తరం

రసమట్టం మేస్త్రి కష్టపడి సాధించిన మొదటి గెలుపు ఒక తలుపు. అప్పుడతనికి పందొమ్మిదేళ్లు. వీధి తలుపు కోసం తండ్రి తెచ్చిన టేకులో రెండు పలకలు కొలత తప్పి పాడుచేశాడు. "నిన్ను కాదు, నీ చేతికి రంపం ఇచ్చిన నన్ననాలి" అని తండ్రి నలుగురిలో కడిగేశాడు. మూడోసారి తొందరపడలేదు. వానలకు చెక్క ఉబ్బుతుందని రెక్కకూ చట్రానికీ మధ్య నాణెం మందం సందు వదిలి బిగించాడు. ఆ ఏడు ముసురు పదిహేను రోజులు పట్టుకుంది. వీధిలో తలుపులన్నీ బిగుసుకుపోయి జనం భుజాలతో గుద్ది తెరుచుకుంటుంటే, ఆ ఒక్క తలుపు చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంది. తండ్రి నోటితో మెచ్చుకోలేదు. రోజుకు నాలుగుసార్లు ఊరికే తీసి, ఊరికే వేసి చూసేవాడు. కొడుక్కి అది చాలింది.

పల్లె బడిలో అయిదో తరగతితో ఆగిన మనిషి. అయినా ఊళ్లో అతని చెయ్యి పడని చోటు లేదు. బాలికల బడిలో నూట ఎనభై బల్లలు అతనివే, ఒక్కటీ కుంటదు. ఆసుపత్రి మందుల బీరువాలు అతనివే. కోర్టులో సాక్షులు నిలబడే బోను కూడా అతనే చేశాడు. "ఎన్ని అబద్ధాలు మోసిందో, ఇంకా కిర్రుమనలేదు" అని నవ్వేవాడు. జేబులో ఎప్పుడూ జానెడు రసమట్టం ఉండేది. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు బల్ల మీద పెట్టి బుడగ నడిమధ్యకు వస్తుందో లేదో చూసేవాడు. పేరు అలా వచ్చింది.

ఇల్లు తండ్రిది. తల్లిదండ్రులు పోయి తొమ్మిదేళ్లయినా కాగితాల్లో తండ్రి పేరే ఉంది. వారసులవి నాలుగు వాటాలు: మేస్త్రిది, ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేసే చెల్లెలిది, రవాణా ఆఫీసులో గుమాస్తా అయిన చిన్న తమ్ముడిది. నాలుగోది చనిపోయిన నడిపి తమ్ముడిది, అతని భార్యకూ కూతురికీ కలిపి. ఉంటున్నది మాత్రం మేస్త్రి ఒక్కడే. అతని పెళ్లి, కాపురం, భార్య పోవడం అన్నీ ఆ ఇంట్లోనే.

అమ్మాలన్న ఆలోచన అతనికి షెడ్డు వల్ల వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా అద్దెకున్న పని షెడ్డును యజమాని అమ్మకానికి పెట్టాడు. "ఏప్రిల్ నెలాఖరు దాకా నీకోసం ఆగుతాను మేస్త్రీ. ఆ తర్వాత ఎవడొస్తే వాడికే" అన్నాడు. షెడ్డు పోతే ఈ వయసులో బల్ల ఎక్కడ వేసుకుంటాడు? ఇంట్లో తన వాటా చేతికొస్తే షెడ్డు తనదవుతుంది. వెనక గదిలో పడుకోవచ్చు కూడా.

మూడు రోజులు కూర్చుని ముగ్గురికీ ఒకే ఉత్తరం రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ముందు, ఇంటికి తను చేసిన పనులు వరుసగా వేశాడు. ఒకటి, వీధి తలుపు. రెండు, వంటగది అటకలు. మూడు, తుఫానుకు లేచిపోయిన పైకప్పు, దూలాలతో సహా. అలా పదకొండు. పదకొండోది వెనక గోడ కుంగితే తను ఒంటరిగా ఎత్తిన ఆసరా. మూడో పేజీ అడుగున రాశాడు: "కావున పై ఇంటిని అమ్మి, వచ్చినది నాలుగు సమాన వాటాలుగా పంచుకుందామని నా కోరిక." రిజిస్టరు పోస్టులో పంపి, ఊపిరి పీల్చుకున్నాడు.

అయిదో రోజున తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, తలుపు ఖరీదు ఒకేసారి కట్టనా, వాయిదాల్లో కట్టమంటావా?"

"ఏం తలుపురా?"

"నంబరు ఒకటి. నా దగ్గర కాగితం ఉందిగా. పైకప్పుకు వడ్డీ కూడా వేశావా?"

"ఒరేయ్, అడుగున చదువు. సమాన వాటాలన్నాను."

"బిల్లు పైనే కదా ఉంటుంది అన్నయ్యా, అడుగున ఏముంటుంది, సంతకం. నేను లాయరుగారికి చూపించాను. తొమ్మిదేళ్లు ఇల్లంతా నువ్వొక్కడివే వాడుకున్నందుకు మేమూ ఓ లెక్క రాయచ్చట."

చెల్లెలు ఫోన్ చేయలేదు. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. వీధి తలుపును చేత్తో కాక మోచేత్తో తోసింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. దానికీ ఆవిడకు ఒళ్లు మండినట్టుంది.

"ఏం అన్నయ్యా, రెండు చెక్కలు కొట్టి మూడు పేజీలు రాశావే. అమ్మ మంచాన పడ్డ పదకొండు నెలలు ఎవరింట్లో ఉంది?"

"నీ ఇంట్లోనే. కాదన్నానా?"

"నీ కాగితంలో లేదుగా. నేను ఉతికిన దుప్పట్లకు నంబర్లు వేయమంటావా? ఒకటి, రెండు, మూడు?"

"నేనేం అడిగానే? పైసా అడగలేదు. చేశానని చెప్పాను, అంతే."

"అడగనప్పుడు చెప్పడం ఎందుకు?"

ఆవిడ మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయింది.

నడిపి మరదలు జిరాక్సు దుకాణం నడుపుతుంది. ఆమె ఉత్తరాన్ని శుభ్రంగా కాపీ తీసుకుని, అసలుది వెనక్కి పంపింది. అడుగున రెండు వాక్యాలు: "బావగారూ, మీ తమ్ముడు ఈ ఇంటికి చేసినవి ఆయన రాసి పెట్టలేదు. ఉండి ఉంటే రాసేవారో లేదో నాకు తెలియదు."

ఆ కాగితం పట్టుకుని మేస్త్రి రిజిస్ట్రారు ఆఫీసు పక్క గదిలో దస్తావేజులు రాసే ఆయన దగ్గరకు వెళ్లాడు. ఆయన కూర్చున్న కుర్చీ కూడా మేస్త్రి చేసిందే. ఆయన మూడు పేజీలూ తిరగేసి, కళ్లజోడు తీశాడు.

"ఇది ఉత్తరం కాదు మేస్త్రీ, ఎస్టిమేటు. నా కుర్చీకి నువ్విచ్చిన కాగితమూ అచ్చం ఇలాగే ఉంది. పైన పనులు, కింద కోరిక."

నలభై ఏళ్లుగా మేస్త్రి కాగితం మీద రాసిందల్లా ఎస్టిమేట్లే. ఇంకోలా రాయడం అతని చేతికి రాదు.

"ఇప్పుడేం చేయాలి?"

"కొత్తది రాద్దాం. ఇందులో ఇల్లు కనపడాలి, నువ్వు కనపడకూడదు. సరేనా?"

మేస్త్రి పాత ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, సరేనని తల ఊపాడు.

కొత్త ఉత్తరం ఒకటే పేజీ. ఇంటి కొలతలు, నాలుగు వైపుల హద్దులు. వారసులెవరు, ఎవరి వాటా ఎంత. సంబంధం లేని ఇద్దరు మదింపుదారుల చేత విలువ కట్టిద్దామని, అంతకు తక్కువకు అమ్మవద్దని. వారసుల్లో ఎవరైనా అదే ధరకు కొనుక్కుంటానంటే ముప్పై రోజుల్లో చెప్పవచ్చని, మొదటి అవకాశం వాళ్లదేనని. పన్ను బకాయి, అమ్మకపు ఖర్చులు ముందు తీసి, మిగిలింది నాలుగు సమాన భాగాలు చేసి, ఎవరి భాగం వారికి కొనేవాడే విడివిడిగా బ్యాంకు డ్రాఫ్టులు ఇవ్వాలని. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఇల్లు మొత్తంగా అమ్మలేమని, కోర్టుకెక్కితే అందరికీ ఏళ్లు పడుతుందని. అభ్యంతరం ఉంటే రాయమని, లేకపోతే సంతకం చేసి పంపమని.

మేస్త్రి రెండుసార్లు చదువుకున్నాడు. "ఇది ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది" అన్నాడు.

"అందుకే సంతకాలు వస్తాయి" అన్నాడాయన.

వచ్చాయి. ముప్పై రోజుల్లో ఎవరూ కొంటామనలేదు, ముగ్గురూ ఒప్పుకున్నారు. దుకాణాలు కట్టే కాంట్రాక్టరొకడు మదింపు ధరకు పైనే ఇస్తానన్నాడు. కాని తమ్ముడి సంతకం కింద ఒక వాక్యం ఉంది: "మొదటి ఉత్తరంలోని పనులపై ఏ హక్కూ లేదని పెద్దన్న విడిగా రాసివ్వాలి." రేపు డబ్బు పంచే వేళ ఆ మూడు పేజీలు మళ్లీ బయటికొస్తే ఏం చేయాలని అతని భయం. చెల్లెలు దానికి అవునూ అనలేదు, కాదూ అనలేదు.

"ఊరికే 'హక్కు లేదు' అంటే చాలదా?" అని అడిగాడు మేస్త్రి.

"చాలదు. దేని మీద వదులుకుంటున్నావో ఒక్కొక్కటీ రాయాలి" అన్నాడు దస్తావేజులాయన. అలా ఉత్తరంలోంచి కొట్టేసిన ఆ పదకొండు పనులే మళ్లీ స్టాంపు కాగితం మీదికి ఎక్కాయి.

అమ్మకపు ఒప్పందం రోజున అందరూ ఆ గదిలోనే కూర్చున్నారు. తమ్ముడు కిటికీ దగ్గర, చెల్లెలు తలుపు దగ్గర, మరదలూ ఆమె కూతురూ ఒకే బెంచీ మీద. కాంట్రాక్టరు నిలబడే ఉన్నాడు. దస్తావేజులాయన గట్టిగా చదివాడు.

"ఒకటి, వీధి తలుపు. దీనిపై నాకు ఏ హక్కూ లేదు. రెండు, వంటగది అటకలు. దీనిపై నాకు ఏ హక్కూ లేదు."

నంబరు నంబరుకీ మేస్త్రి తల ఊపుతూ పోయాడు. మూడో నంబరు దగ్గర కాంట్రాక్టరు కల్పించుకున్నాడు.

"దూలాలు ఎలాగూ పొయ్యిలోకే. ఆ వీధి తలుపు మాత్రం బాగుందండీ. కూల్చే ముందు విప్పి అమ్మితే ధర పలుకుతుంది. ఎవరు చేశారో కాని, చెయ్యి తిరిగిన మనిషే."

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. చెల్లెలు అన్న చేతుల వంక చూసింది. పదకొండూ చదవడం అయ్యాక మేస్త్రి సంతకం చేశాడు, బల్లల మీద పేరు చెక్కినంత నిదానంగా. సంతకం వంకర పోలేదు.

బయటికొచ్చాక తమ్ముడు గొంతు తగ్గించాడు. "నువ్వు రేపు పక్క జిల్లాలో హాస్టలు కిటికీల పనికి వెళ్తున్నావుగా అన్నయ్యా. రిజిస్ట్రేషన్‌కు అంత దూరం నుంచి రావడమెందుకు, నీ బదులు సంతకం చేసేలా పవరాఫ్ అటార్నీ నా పేర రాసివ్వు. నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటావనే వస్తున్నా."

"నా మీద నమ్మకం లేదా?"

"నా మీద నీకుందా? రాయించుకున్నావుగా."

తమ్ముడు స్కూటరు తీసుకుని వెళ్లిపోయాడు. మరదలు "వెళ్లొస్తాం బావగారూ" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి పనిముట్ల పెట్టె బస్సు పైకి ఎక్కించాడు. కాంట్రాక్టరు మనుషులు కొలతలకు వస్తే తలుపు తీయాలని తాళం చెవి చెల్లెలికి ఇవ్వబోతే, ఆవిడ వెంటనే అందుకోలేదు.

"పదకొండు నెలలు కూడా రాయాల్సింది" అన్నాడు మేస్త్రి. "పన్నెండో నంబరుగా."

"నా పేరు మీద వేసేవాడివా, నీ లెక్కలోనే కలుపుకునేవాడివా?"

అతను జేబులోని రసమట్టం తడుముకున్నాడు. ఆవిడ తాళం చెవి లాక్కుని చీర కొంగుకు ముడేసుకుంది.

"తలుపు వాళ్లు విప్పేలోపు ఒకసారి వచ్చి చూసుకుంటావా?"

"ఎందుకు? దానిపై నాకు ఏ హక్కూ లేదుగా."

బస్సు కదిలింది. రిజిస్ట్రేషన్ ఏప్రిల్ పదకొండు, శుక్రవారం, పొద్దున పదిన్నరకు. అక్కడ వారసులవి అయిదు సంతకాలు పడాలి, వాటిలో మొదటిది అతనిదే. అతను తిరిగి వచ్చేది పదో తేదీ, గురువారం సాయంత్రం బస్సుకు.