ఎనిమిదింటి మాత్ర

బట్టలు కుట్టే ఆవిడ మణికట్టు మీది గుండుసూదుల దిండు తీసేసి, విదేశంలో ఉన్న కొడుకు పంపిన వాచీ కట్టుకుని, వాడి మెసేజ్ చదివింది.

“అమ్మా, మాత్రల టైములు మొన్న వచ్చినప్పుడే నీ ఫోన్లో పెట్టాను. ఫోన్ దగ్గరే ఉంచుకో. ఎనిమిదింటికి వాచీ వణికి, మాత్ర పేరు చూపిస్తుంది. మింగాక ‘వేసుకున్నాను’ అని నొక్కు. నొక్కకపోతే అరగంటకి మళ్లీ గుర్తుచేస్తుంది. ఇక రోజూ నేను ఫోన్ చేసి అడగక్కర్లేదు.”

ఆ చివరి మాట ఆవిడ రెండుసార్లు చదివింది. ఆరేళ్లుగా మాత్ర ముందే మింగేసి కూడా, వాడు అడిగితే “ఇంకా వేసుకోలేదురా” అనేది. ఆ వంకన ఇంకో రెండు నిమిషాలు మాట్లాడతాడని!

వాచీ వణికింది. మాత్ర మింగి, ‘వేసుకున్నాను’ అని నొక్కి, ఒళ్లు మండి జవాబు పెట్టింది.

“అర్థమైంది నాయనా. అమ్మని గుర్తుచేసే వాచీ ఉంటే, నువ్వూ ఒకటి కొనుక్కో.”