అమ్మమ్మకు పెట్టిన "బ"

లండన్‌లో ఉన్నప్పుడు నేను జులూ నేర్చుకున్నాను. ఇంగ్లండులో ఉన్న లండన్ కాదు, కెనడాలో ఒంటారియోది. తెలుగు పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. బస్సెక్కితే వెనక సీట్లలో గుంటూరు, ముందు సీట్లలో కరీంనగర్ వినిపించేవి. అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "ఫ్రెంచ్ నేర్చుకుంటే ఇక్కడే ఉండిపోయే పీఆర్‌కి పాయింట్లు వస్తాయి. జులూకి ఏమొస్తాయి?"

మోకాళ్ళొస్తాయి అనేదాన్ని. హాస్యానికి కాదు, నిజంగానే. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కి చేరాను. కోర్సులో ఒక టర్మ్ బయట పనిచేయాలి, దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. దక్షిణాఫ్రికాలో జులూ మాట్లాడే ఒక పల్లెలో, క్లినిక్ పక్కన షెడ్డులో వారం వారం ముసలమ్మల సంఘం కూడుతుంది. వాళ్ళ చేత కాళ్ళకూ నడుముకూ వ్యాయామం చేయించడానికి ఒక్క విద్యార్థిని తీసుకుంటారు. ఆ చోటు నాకే కావాలనుకున్నాను. నాకంటే బాగా మోకాళ్ళు తెలిసినవాళ్ళు మా క్లాసులో లేరు, అందులో నాకు సందేహం లేదు.

ఎంపిక చేసేది యూనివర్సిటీ కాదు, ఆ ముసలమ్మలే. వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. రావాలనుకున్నవాళ్ళు తమ గురించి జులూలో చేత్తో ఉత్తరం రాసి పంపాలి. ఒకామె దాన్ని సంఘంలో పైకి చదువుతుంది. విన్నవాళ్ళు సరేనంటే సరే, లేకపోతే ఇక్కడే డౌన్‌టౌన్‌లో ఒక ఆఫీసులో కూర్చుని ఎక్సెల్ షీట్లు నింపుకోవాలి. ఎక్సెల్ షీట్లు నింపడానికి నేను సముద్రాలు దాటలేదు.

నాకు జులూ చెప్పినావిడ దక్షిణాఫ్రికా అమ్మాయే, మా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండేది. "సిసి" అని పిలిచేదాన్ని. జులూలో అక్క అని. లైబ్రరీలో చిన్న అద్దాల గదిలో కూర్చునేవాళ్ళం. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి.

జులూ సంగతి ఒకటి చెప్పాలి. అందులో ప్రతి పేరుకూ, అంటే నామవాచకానికి, ముందు ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్కను బట్టి పేర్లు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఏ గుంపు పేరుతో వాక్యం మొదలుపెడితే ఆ గుంపు గుర్తే వెనక వచ్చే విశేషణానికీ క్రియకూ ముందు తగలాలి. పెళ్ళిలో ఆడపడుచులందరూ ఒకే రంగు చీర కట్టినట్టు వాక్యమంతా ఒకే రంగులో నడుస్తుంది. పిల్లలను "ఇజింగానే" అంటారు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు అనాలంటే "ఇజింగానే ఎజింబీలీ జియాఫుండా". అన్నిటిలోనూ జి, జి, జి.

నేను మొదటి చిత్తుప్రతిలో "ఇజింగానే అబాబీలీ బయాఫుండా" అని రాశాను. "బ" అనేది మనుషులు అన్న మాట ఉన్న గుంపుది. పిల్లలు మనుషులే కదా! మన తెలుగులో పిల్లలు ఆడతారు, దూడలు ఆడతాయి. మనిషికి ఒకటి, మనిషి కానిదానికి ఒకటి. అలా లెక్క వేసి ఉత్తరం మొత్తం మనుషులు కనబడ్డ చోటల్లా "బ" పెట్టుకుంటూ పోయాను. రాసి ఎంత మురిసిపోయానో!

సిసి ఆ ఉత్తరాన్ని ఆగకుండా పైకి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఎర్ర పెన్ను తీయలేదు. ఆవిడ పద్ధతి అది. తప్పు చూపించదు, మన చెవిన పడేదాకా చదువుతూనే ఉంటుంది.

"పిల్లలతో మొదలుపెట్టావు. మధ్యలో వీళ్ళెవరో వచ్చి చదువుకుంటున్నారు. వీళ్ళెవరు?" అంది.

"పిల్లలే!"

"పిల్లలైతే జి. పేరు ఏ గుంపుదో అదే చూడు. మనిషా, మేకా అని చూడకు."

పిల్లల దగ్గర ఒప్పుకున్నాను. ముసలమ్మ దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది. ముసలావిడను "ఇసాలుకాజి" అంటారు, దాని గుర్తు "సి". కుర్చీ ఉన్న గుంపే ఆ గుంపు. ఆవిడ నడుస్తోంది అంటే "సియాహాంబా". నేను గౌరవంగా "బయాహాంబా" అని రాశాను.

"పెద్దావిడను పట్టుకుని కుర్చీతో కట్టేస్తారా? మా దగ్గర పెద్దవాళ్ళను బహువచనంలో అంటాం. వచ్చింది అనం, వచ్చారు అంటాం" అన్నాను.

సిసి నవ్వింది. "మా అమ్మ అత్తారింటికి వచ్చాక మామగారి పేరు పలకలేదు. ఆ పేరులో ఉన్న అక్షరాలు వేరే మాటలో వచ్చినా ఆ మాట మానేసి ఇంకోటి వెతుక్కునేది. మాకు గౌరవం తెలియదనుకుంటున్నావా?"

 మా ఊళ్ళోనూ మొగుడి పేరు పలకని ఆడవాళ్ళ మధ్యే పెరిగాను నేను.

"ఆ గౌరవం పిలుపులో ఉంది. వాళ్ళకు రాసేటప్పుడు ఇసాలుకాజి అని అసలు రాయకు, గోగో అను. నాయనమ్మ అన్నట్టు. అందరినీ కలిపి ఓగోగో అంటే నీ 'బ' దానంతటదే వస్తుంది, సరిగ్గా. నేను చెప్పేది ఇంతవరకే. ఉత్తరం నీది, పెన్ను నేను పట్టుకోను. నేను దిద్దితే నన్ను విన్నట్టవుతుంది, నిన్ను కాదు."

ఇంటికొచ్చి అదే కోపంతో వంటింట్లో నా రూమ్మేట్‌కు చెప్పాను. అది కరీంనగర్ పిల్ల, పప్పు తాలింపు వేస్తోంది. "మనిషిని పట్టుకుని మనిషి కానిదాని గుంపులో వేస్తారటే!" అన్నాను.

అది గరిటె పట్టుకుని నావైపు తిరిగింది. "నువ్వు మీ అమ్మమ్మను ఏమంటవ్? అమ్మమ్మ వచ్చింది అంటవా, వచ్చిండ్రు అంటవా?"

"వచ్చింది."

"మరి బర్రె?"

"బర్రె... వచ్చింది."

"మీ తాత?"

"వచ్చారు."

"గంతే గద! ఇంట్ల అమ్మమ్మకూ బర్రెకూ ఒక్కటే క్రియ, ఆడికేమో పోయి లొల్లి వెడుతున్నవ్. ట్రాన్స్‌లేటర్‌ల ఏసి పంపుపో, ఊకె పరేషాన్ గాకు."

తాలింపు చిటపటల్లో దాని నవ్వు కూడా కలిసింది. నాకు నవ్వు రాలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి తాతయ్య వచ్చారు, అమ్మమ్మ వచ్చింది. తాతయ్య భోంచేశారు, అమ్మమ్మ తినేసింది. ప్రేమకొద్దీ అంటున్నాం అనుకునేవాళ్ళం, ప్రేమకొద్దీయే కావచ్చు. కానీ తాతయ్య మీద మాకు ప్రేమ తక్కువేమీ లేదే! నేను ఫిజియోథెరపీ చదవడానికి కారణం అమ్మమ్మ మోకాళ్ళు. ఫస్టియర్లో నేర్చుకున్న ప్రతిదీ మొదట ఆవిడ కాళ్ళ మీదే చేసి చూశాను. అలాంటి మనిషికి ఒక్క "రు" ఇవ్వలేదు మేము. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఉక్రోషం వచ్చింది.

ట్రాన్స్‌లేటర్ జోలికి పోలేదు. కాగితం తీసుకుని ఉత్తరం మళ్ళీ రాశాను. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, దాని గుంపు చూసుకుని, వెనక మాటలన్నిటికీ అదే గుర్తు తగిలిస్తూ పైకి చదువుకున్నాను. కుర్చీలు, మందులు, మా వీధి, మా అక్క పిల్లలు, అన్నీ దారికొచ్చాయనుకున్నాను. నొప్పి మోకాళ్ళు "అమడోలో అబుహ్లుంగు" అని చక్కగా కుదిరాయి. ఒక్క వాక్యం దగ్గర ఆగాను. మా అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఒక్క గోగోకు "ఉనామడోలో" అని "ఉ"తో రాయాలి. నాకు తెలుసు. తెలిసే "బనామడోలో" అని "బ" పెట్టాను.

మర్నాడు సిసి చదివి ఆ వాక్యం దగ్గరికి రాగానే తలెత్తింది. "ఇది తప్పు."

"తెలుసు."

"ఒక్క మనిషికి మేమిలా రాయం. నీకు గుంపులు రాలేదనుకుంటారు. నవ్వుతారు. నీ ప్లేస్‌మెంట్ పోవచ్చు."

"నవ్వనీ. తెలుగులో ఆవిడకు ఇవ్వలేదు. ఇందులోనైనా ఇస్తాను."

ఆవిడ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. నేను స్కాన్ చేసి పంపేశాను. పంపాక మాత్రం డౌన్‌టౌన్ ఆఫీసు, దాని బూడిదరంగు కుర్చీలు కళ్ళ ముందు తిరిగాయి. అయినా మార్చి పంపాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

జవాబు ఒక ఉదయం వచ్చింది. క్లినిక్ నర్సు పంపిన వాయిస్ మెసేజ్. నేను ఒక్కదాన్నే వినే ధైర్యం చేయకుండా అద్దాల గదికి పరిగెత్తాను. సిసి ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది.

ఒక పెద్దావిడ గొంతు, తీరిగ్గా నా ఉత్తరం చదువుతోంది. వెనక కోళ్ళ అరుపులు. మా అక్క పిల్లల దగ్గరికి వచ్చింది. "ఇజింగానే ఎజింబీలీ బయాఫుండా" అంది. నా ప్రాణం పోయింది. ఎజింబీలీ దిద్దుకున్నాను గానీ క్రియలో "బ" అలాగే వదిలేశాను! పెన్ను పట్టుకోనన్న సిసి అదీ దిద్దలేదు. షెడ్డు మొత్తం ఒక్క గొంతుతో "జియాఫుండా!" అని కేక వేసింది. ఆ తర్వాత పెద్ద నవ్వు. ఇంకోచోట ఇంకో తప్పు, మళ్ళీ కేక, మళ్ళీ నవ్వు. తరగతి గదిలో పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అందరూ ఉత్సాహంగా దిద్దుతున్నారు. సిసి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు మా అమ్మమ్మ వాక్యం వచ్చింది. "ఉగోగో వామి బనామడోలో అబుహ్లుంగు."

కేక కోసం చూశాను. ఎవరూ అరవలేదు. చదివే ఆవిడ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ అదే వాక్యాన్ని అదే "బ"తో, ఇంకొంచెం మెల్లగా చదివింది. వెనక ఎవరో "ఎహే" అని అంది, మనం ఊఁ అన్నట్టు. చదవడం ముందుకు సాగింది.

"వాళ్ళకు వినపడలేదా?" అన్నాను.

"అంతమంది చెవులకు వినపడకుండా పోతుందా?" అంది సిసి. ఇక నవ్వడం లేదు.

చివర ఆ పెద్దావిడ ఉత్తరం మడిచిన చప్పుడు. "వోజా, న్గానే యామి." రామ్మా, నా బిడ్డా. సిసి అర్థం చెప్పేలోపే నాకు అర్థమైంది. ఏడ్చేశాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కెనడాలో ఉదయమంటే మన దగ్గర రాత్రి భోజనాల వేళ. బయటికొచ్చి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. ప్లేస్‌మెంట్ వచ్చిందని చెప్పాను. "అమ్మమ్మ భోంచేశారా?" అని అడిగాను.

"ఎవరూ?" అంది అమ్మ. "ఏ అమ్మమ్మ?"