ఇరవై నాలుగా, ముప్పై మూడా

గద్వాలలో విత్తనాల దుకాణం మీది అంతస్తులో నేను జిమ్ నడిపిన రోజుల్లో నా దగ్గర ఒక చిన్న మిషన్ ఉండేది. రెండు చేతులతో దాని పిడులు పట్టుకుని, చేతులు ముందుకు చాచి నిలబడితే ఒంట్లో కొవ్వు నూటికి ఎంతుందో అంకె చూపించేది. దాన్ని హైదరాబాదు నుంచి తెచ్చినప్పటి నుంచి నాకు కొమ్ములు మొలిచాయి. బరువులు ఎవడైనా ఎత్తిస్తాడు, కొవ్వు లెక్క చెప్పడం ఈ ఊళ్లో నాకొక్కడికే వచ్చు అనుకునేవాణ్ని. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు.

వచ్చేవాళ్లంతా కండలు చూసుకుని మురిసిపోయే కాలేజీ పిల్లలు. ఒక్కాయన మాత్రం నలభై దాటినవాడు. గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా కూర్చోవడం వల్ల పొట్ట పెరిగింది. వనపర్తిలో ఒక డాక్టరు రక్తం చూసి, షుగర్ అంచు మీద ఉందనీ, కొవ్వు తగ్గించుకుని నాలుగు నెలల తర్వాత రమ్మనీ, లాభం లేకపోతే గోలీలు మొదలుపెడదామనీ చెప్పాడట. ఆయన భయం గోలీల గురించి కాదు. షుగర్ ముదిరి వాళ్ల నాన్నకు కాలివేళ్లు తీసేశారు.

"మగ్గం తొక్కేది కాళ్లతోనే సార్. కాళ్లు పోతె నేను పోయినట్టె" అన్నాడు మొదటిరోజు.

ఆ రోజు నా మిషన్ ముప్పై ఒకటి చూపింది. ఆయన తెల్లవారక ముందే వచ్చేవాడు, ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తిన్నాడు. రెండో నెలలో ఒకరోజు, మొలతాడు జారిపోతున్నదనీ, విప్పి మళ్లీ బిగించి కట్టుకున్నాననీ నవ్వుతూ చెప్పాడు. మిషన్ ఉండగా మొలతాడును ఎవరు నమ్ముతారన్నా అని ఆటపట్టించాను. ఆయన కూడా నవ్వాడు.

నాలుగో నెల చివర మిషన్ ఇరవై నాలుగు చూపింది. ఆ అంకెను చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకుని వనపర్తి బస్సెక్కాడు. నేను ఆ రోజంతా గాల్లో తేలాను.

మర్నాడు మెట్ల దగ్గరే నిలబడ్డాడు. చెప్పులు విడవలేదు. డాక్టరు దగ్గర కొత్త మిషన్ వచ్చిందట, దాని మీద వట్టికాళ్లతో నిలబెట్టారట. ముప్పై మూడు. షుగర్ కూడా అక్కడే ఉందట. ఇంకో మూడు నెలలు కష్టపడతావా, గోలీలు రాయమంటావా, నువ్వే చెప్పు అన్నాడట డాక్టరు.

"గిదేంది సార్? రెండు మిషన్లు రెండు తీర్ల చెప్తున్నయి. నేను తగ్గిన్నా లేదా, జర రాసియ్యి. డాక్టరుకు చూపిస్త, మా ఆమెకు చూపిస్త" అన్నాడు.

రాసిస్తానన్నాను. కోపం ముక్కు మీదే ఉంది. ఆ డాక్టరు మిషన్ దండగని రాయడానికే కూర్చున్నాను. నాలుగు పెద్ద మాటలు కావాలి కదా, అందుకోసం మిషన్‌తో వచ్చిన పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను.

నా మిషన్‌లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి మామూలు మనుషులకు, ఇంకోటి ఏళ్ల తరబడి కఠినంగా సాధన చేసే క్రీడాకారులకు. మూడో నెలలో బ్యాటరీలు మార్చి, అందరి వివరాలు మళ్లీ కొట్టినప్పుడు, జిమ్‌కు వచ్చేవాళ్లంతా క్రీడాకారులే కదా అని అందరికీ ఆ రెండోదే పెట్టాను. ఎంత గర్వంగా నొక్కానో నాకింకా గుర్తుంది. ఇప్పుడు నా మీద నేనే చూసుకున్నాను. మామూలు పద్ధతిలో పద్దెనిమిది, క్రీడాకారుల పద్ధతిలో పదమూడు. అయిదు నిమిషాల్లో, చెమట చుక్క లేకుండా, అయిదు తగ్గాను.

అప్పుడు ఉత్తరం మొదటి నుంచి రాశాను. దాని నకలు ఇప్పటికీ నా దగ్గరుంది.

"అన్నా, ఈ మిషన్లు కొవ్వును చూడవు. మనకు తెలియనంత చిన్న కరెంటును ఒంట్లోకి పంపి, దానికి ఎంత అడ్డం తగిలిందో చూస్తాయి. కండలో నీళ్లెక్కువ, కరెంటు సులువుగా పోతుంది. కొవ్వులో నీళ్లు తక్కువ, అడ్డం తగులుతుంది. ఆ అడ్డానికి మన ఎత్తు, బరువు, వయసు కలిపి కొవ్వు ఇంతుండవచ్చని అంచనా కడతాయి. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కో తీరు. నా మిషన్‌లో కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది, డాక్టరు మిషన్‌లో ఒక కాలి నుంచి ఇంకో కాలికి. నాది నడుము కింద చూడదు, ఆయనది నడుము పైన చూడదు. ఆ రోజు మీరు రక్తపరీక్ష కోసం రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టలేదన్నారు. ఒంట్లో నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువ చూపుతుంది. మీ అరికాళ్లు మగ్గం తొక్కి తొక్కి గట్టిపడి ఉన్నాయి. ఎండిన మందపు చర్మం కూడా కరెంటుకు అడ్డమే. కాబట్టి ముప్పై మూడు అసలు కంటే ఎక్కువ కావచ్చు.

కానీ నా ఇరవై నాలుగు కూడా నిజం కాదు. మధ్యలో నేను మిషన్‌లో పద్ధతి తప్పుగా మార్చాను. తగ్గిన ఏడులో అయిదు నా వేలు తగ్గించినవే కావచ్చు. మిగిలిన రెండు ఈ మిషన్ల తేడాలోనే కలిసిపోతాయి. మొదటిరోజు టేపుతో మీ నడుము కొలిచి ఉంటే ఇప్పుడు చెప్పగలిగేవాణ్ని. కొలవలేదు. తప్పు నాది. ఇకముందు ఒకే మిషన్ మీద, ఒకే పద్ధతిలో, రోజూ నీళ్లు తాగినట్టే తాగి, ఒకే వేళకు చూద్దాం. నడుమూ కొలుద్దాం. మానొద్దు."

ఆయన మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు.

"అంత మంచిగనే రాసినవు సార్. నేను తగ్గిన్నా లేదా అన్నది లేదు గద ఇందుల."

తెలియదన్నా అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు నెలలు కష్టపడి ఏమయిందో తెలియనప్పుడు ఇంకో మూడు నెలలు దేనికని అడిగి, వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నిజం రాశానన్న తృప్తి కూడా నాకు మిగల్లేదు.

నెల రోజుల తర్వాత ఒక పొద్దున స్నానం చేస్తూ నా మొలతాడు సర్దుకుంటుంటే ఆయన మాట గుర్తొచ్చింది. తల తుడుచుకోకుండానే పరుగెత్తాను. టేపు లేకపోతేనేం, మొదటిరోజు నుంచి ఆయన నడుముకు కొలత కట్టే ఉంది కదా.

ఆయన మగ్గం గుంటలో ఉన్నాడు. కిటికీలో గోలీల అట్ట, దాని కింద నా ఉత్తరం ఉన్నాయి. ఆయాసపడుతూనే అడిగాను, అప్పట్లో మొలతాడు ఎంత బిగించావన్నా అని. పని ఆపకుండా ఎడమచేతి నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించాడు. నాలుగు వేళ్ల వెడల్పు.

"అన్నా, మరి నువ్వు తగ్గినవు" అన్నాను.

"ఇప్పుడేడిది సార్. జిమ్ ఇడిసినంక మల్ల బిగుతై ఒరుసుకపోతుంటె మొన్ననే మా ఆమె వదులు చేసి కట్టింది" అన్నాడు.

అప్పుడే నాకెందుకు గట్టిగా చెప్పలేదన్నా అని అడిగాను. ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"చెప్పిన గద సార్. మొలతాడును ఎవరు నమ్ముతరని నువ్వే అంటివి."

మళ్లీ తల వంచి కాళ్లు ఆడించడం మొదలుపెట్టాడు.