బావకు పోగు అతకడం నేర్పిన పది రోజులు

మా బావ మిల్లులో కాలుపెట్టేనాటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు, నాకు ఇరవై ఆరు. యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి మిల్లుకు మనుషులు కావలసి వచ్చారు. అయినా కొత్తవాళ్లకు ఇచ్చే గడువు పది రోజులే. పదో రోజు మేస్త్రి నూలు వడికే రింగ్ ఫ్రేము ముందు నిలబడి, నడుస్తున్న పోగుల్లో పదింటిని తన వేలితో టకటకా తెంపుతాడు. తన ఎదుటే వాటిని చకచకా అతికించినవాడికి పని, తడబడినవాడికి గేటు. ఆ పది రోజులూ నేర్పే బాధ్యత, చేర్చుకోమని సిఫారసు చేసినవాడిదే. అంటే నాది.

బావ మంసాపురం రైతు. అన్నదమ్ముల పంపకంలో బావి ఉన్న పొలం చెక్క అన్నకు పోయి, ఈయనకు వానమీద ఆధారపడ్డ నేల మిగిలింది. రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. కొండమీద తేయాకు ఎస్టేటుకు మనుషుల్ని పోగుచేసే కంగాణి ఒకడు అప్పటికే వాళ్లింటికి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. అక్కడ పట్టుకుంటే ప్రాణం తీసే కొండజ్వరం సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మా అక్క నా దగ్గరికి వచ్చి, "మిల్లులో పని దొరక్కపోతే మీ బావ మలెక్కి పోతాడు. పోయినోళ్లు ఎంతమంది దిగొచ్చినారో నీవే చెప్పు" అని మాత్రం అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

పోగు తెగినప్పుడు చేయాల్సింది చెప్పడానికి సులువే. గిర్రున తిరుగుతూ నూలు చుట్టుకునే బాబిన్‌ను ఎడమచేత్తో పట్టి ఆపాలి. దాని మీద కొస వెతికి కాస్త నూలు లాగాలి. దాన్ని బాబిన్ చుట్టూ ఉన్న రింగు మీద పరిగెత్తే చిన్న ఇనుప కొక్కెంలో దూర్చి, పైనున్న తీగ చుట్టలోంచి తెచ్చి, రోలరు దాకా ఎత్తాలి. రోలరు నుంచి పలచని దూది ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఎడమచెయ్యి బాబిన్‌ను వదలడం, కుడిచేతి కొస దూదికి తాకడం ఒక్కసారే జరగాలి, తాకిన వెంటనే వేళ్లు విడవాలి. బాబిన్ తిరగగానే మెలిక నూలు వెంట పైకి పాకి దూదిని పట్టుకుంటుంది. వేళ్లు పట్టుకునే ఉంటే మెలిక వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. పోగు చిక్కుపడి మళ్లీ తెగుతుంది.

ఇదంతా నేను మొదటి రోజు మొదటి గంటలోనే బావకు చెప్పేశాను. చెప్పడం కాదు, ఆయన చెవిలో అరిచాను. ఆ ఫ్రేముల షెడ్డులో మిషన్ల హోరుకు పక్కవాడి మాట వినబడదు. ఆయన చెయ్యి బాబిన్ మీద పెట్టకముందే "మెల్లగా!" అని అరిచేవాణ్ణి. పెట్టగానే "మోచెయ్యి దించు!" కొస దొరకగానే "పొడుగు చాలదు!" కొక్కెం దగ్గరికి రాగానే "వేలు జాగ్రత్త!" రోలరు దగ్గర అయితే మూడు నాలుగు మాటలు ఒకదాని మీద ఒకటి. నాకు తెలిసిందంతా ఆయనకు ఇచ్చేయాలన్న ఆత్రం. నేర్పడమంటే అదేననుకునేవాణ్ణి. ఏదైనా చెప్పకుండా ఊరుకుంటే అక్కకు ద్రోహం చేసినట్టుండేది.

రోజులు గడిచేకొద్దీ బావ చేతులు బాగుపడలేదు, ఇంకా పాడయ్యాయి. మొదటి రోజు పదింట్లో మూడు అతికాయి. నాలుగో రోజుకు ఒకటి. నా గొంతు పెరిగింది. ఆరో రోజు, శనివారం, అందరి ముందూ "ఎన్నిసార్లు చెప్పాలి బావా, బుర్రలో ఏముంది?" అని అరిచేశాను. పక్క ఫ్రేము వాళ్లు నవ్వారు. అక్క మొగుడు, వయసులో పన్నెండేళ్లు పెద్ద, తలదించుకుని తెగిన పోగును చూస్తూ నిలబడ్డాడు. నాకు అప్పుడే నాలిక కొరుక్కోవాలనిపించింది, కానీ కొరుక్కోలేదు. నా కోపం అలాంటిది, వచ్చినంత తొందరగా దిగదు.

ఆదివారం మిల్లు సెలవు. బావ ఆ రోజు అన్న పొలానికి నీళ్లు తోడటానికి కూలికి పోతాడని తెలిసి, ఖాళీ బాబిన్ ఒకటి, కాస్త నూలు జేబులో వేసుకుని మంసాపురం నడిచాను. ఆదివారం కూడా పాఠం చెబుదామని. ఆయన కవలై, అంటే మోట, తోలుతున్నాడు. బావి గట్టు నుంచి కిందికి వాలుగా దారి, దాని మీద జత ఎద్దులు. అవి వాలులో దిగితే తోలు బొక్కెన పైకి వచ్చి కాలవలో నీళ్లు పోస్తుంది. మళ్లీ ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కితే బొక్కెన బావిలోకి దిగుతుంది. ఆ వెనకడుగే అసలు పని.

నేను జేబులోంచి బాబిన్ తీశాను. బావ దాన్ని చూసి నవ్వాడు.

"ముందు నీవు నాలుగు బొక్కెనలు తోలు మాప్ళా. తరవాత నీ పాటం వింటా" అని పగ్గాలు నా చేతికిచ్చాడు. బావమరిదినని నన్ను ఆయన మాప్ళా అనే పిలుస్తాడు.

దిగడం బాగానే ఉంది. వెనక్కి తోలేటప్పుడు బావి ఎక్కడుందోనని తిరిగి చూశాను. ఎద్దులు పక్కకు మళ్లాయి. బావ ఏమీ అనలేదు. రెండోసారీ అంతే. మూడోసారి కుడి ఎద్దు వెనకకాలు వాలు అంచు మీద జారింది. బావ ఒక్క అంగలో వచ్చి, పగ్గం పట్టి, ఎద్దును దారిలోకి తెచ్చి, మళ్లీ నా చేతికే ఇచ్చి పక్కకు పోయాడు. తప్పు ఇదీ అని ఒక్క మాట లేదు. నాకు ఒళ్లు మండింది.

బొక్కెన నీళ్లలో మునిగి, ఎద్దులు కుదురుగా నిలబడ్డాక, అప్పుడు దగ్గరికి వచ్చాడు.

"బావిని చూడద్దు. రెండు ఎద్దుల కొమ్ముల నడుమ సందు సమంగా ఉండాదా, అంతే చూడు."

అంతే అన్నాడు. అయిదోసారికి ఎద్దులు తిన్నగా వెనక్కి నడిచాయి. ఆరోసారి కొంచెం వంకర పోయాయి, ఆయన ఊరికే నిలబడ్డాడు, నేనే సరిచేసుకున్నాను. ఏడోసారి నాకు నవ్వు వచ్చింది.

"మొదటిసారే ఎందుకు చెప్పలేదు బావా?" అని అడిగాను.

"నీ తప్పు ఏదని నాకే తెలియాల్నే. మూడు సార్లు చూసినాక తెలిసింది. చెయ్యి వంకర, కాలు వంకర, అన్నీ ఉండె. కానీ అన్నీ ఆ తిరిగి చూసేదాన్నించే వస్తా ఉండె."

"తోలుతున్నప్పుడైనా అరవొచ్చుగా!"

బావ ఎద్దు వీపు నిమిరాడు.

"అరిస్తే నీవు నన్ను చూస్తావు, ఎద్దును చూడవు" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ ఫ్రేము కాడ నేను ఆరు దినాలుగా నీ నోరే చూస్తా ఉండా మాప్ళా. పోగును ఇంకా చూళ్లేదు" అన్నాడు.

కోపంతో అనలేదు. అందుకే నాకు సిగ్గేసింది. బావను కొండకు పంపేది కంగాణి కాదు, నేనే అనిపించింది. బాబిన్ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

సోమవారం నోరు కట్టేసుకున్నాను. అది ఎంత కష్టమో చెప్పలేను. బావ మూడు పోగులు అతకబోయాడు, మూడూ తెగాయి. నేను చూశాను. మోచెయ్యి ఎత్తుగా ఉంది, నూలు పొట్టిగా ఉంది, నడుము వంగింది. అయితే పోగు తెగుతున్నది వాటివల్ల కాదు. దూదిని తాకాక, అతికిందో లేదోనని వేళ్లు పట్టుకునే ఉంటున్నాడు. మెలిక పైకి పోవడానికి దారే లేదు. మూడోది తెగి, చేతులు కిందికి దిగాక, భుజం తట్టి చెవిలో ఒకటే అన్నాను: "తాకితే చాలు. వదిలేయ్."

నాలుగోది తెగింది. అయిదోది నిలిచింది. ఆయన నా వైపు తిరిగాడు, నేను తల ఊపాను. ఆ తరవాత ప్రతిసారీ ఊపలేదు. అయిదారు పోగులకు ఒకసారి, ఆయనే అడిగితే చెప్పాను. మోచెయ్యి ఆ రోజుకు అలాగే ఎత్తుగా ఉండనిచ్చాను. మంగళవారం పొద్దున వదలడం చేతికి వచ్చాక, నూలు పొడుగు ఒక్కటే చెప్పాను. చిత్రం, మోచెయ్యి దానంతట అదే దిగింది. సాయంత్రానికి పదింట్లో ఎనిమిది. కానీ మేస్త్రి ముందు ఎనిమిది చాలదు.

బుధవారం, పదో రోజు, మేస్త్రి వచ్చాడు. పదీ తెంపి, "ఊ, కానీ! సీక్రం!" అని అరిచాడు. బావ మొదటిది పట్టాడు. తెగింది. మేస్త్రి ఆయన వీపు దగ్గరే నిలబడి "చెయ్యి చూడు! కిందికి! పైకి! ఇదా నేర్చింది?" అని మొదలెట్టాడు. వారం కింద నేను అరిచిన మాటలే, నా గొంతే విన్నట్టుంది. తెగిన చోట్ల దూది కుప్పపడుతోంది. బావ తల తిప్పి నాకోసం చూశాడు.

నా నోరు తెరుచుకుంది. ఒక్క మాట, ఒక్క సైగ చేస్తే సాయమవుతుందనిపించింది. అక్క మొహం కళ్లముందుకు వచ్చింది. చేతులు వెనక కట్టుకుని, గట్టిగా పిసుక్కుంటూ, మొహం గోడవైపు తిప్పుకున్నాను. జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. గోడకు అంటిన దూది నలకలు చూస్తూ నిలబడ్డాను. వెనక ఏం జరుగుతోందో తెలియదు. మేస్త్రి అరుపులు కాసేపు వినిపించాయి, తరవాత ఆగిపోయాయి. ఆగిపోయింది ఎందుకో తెలియకపోయినా తిరిగి చూడలేదు.

ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. మేస్త్రి. "రేపటినుంచి మూడో నెంబరు ఫ్రేములో ఒక సైడు చూసుకోమను మీ బావను" అని చెప్పి వెళ్లిపోయాడు. తిరిగి చూస్తే పది పోగులూ నడుస్తున్నాయి. బావ వాటినే చూస్తున్నాడు, నన్ను కాదు.

షిఫ్టు విడిచాక ఇద్దరం గేటు దాటి నడిచాం. హోరు లేని రోడ్డు మీద మాట కొత్తగా వినిపించింది.

"నీవు మొగం తిప్పుకుంటివే, అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇంత మంది ముందర నన్ను విడిచిపెట్టేసినాడే అనుకుంటి" అన్నాడు బావ.

నేను నడక తగ్గించి ఆయన మొహంలోకి చూశాను.

"చూసేదానికి ఇంక ఎవురూ లేరు. సరి, పోగునన్నా చూద్దామని చూస్తి" అన్నాడు.

ఇంటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఏమైందని నన్నే అడిగింది. నేను నోరు మూసుకుని బావ వైపు చూశాను, ఆయనే చెప్పాడు.