ఫైనల్‌కి ముందు ఒక్క నిమిషం

మా స్కూలు డ్రిల్లు మాస్టారు పోయిన వారం ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలోని తమ ఇంట్లో కన్నుమూశారు. ఆ కబురు ఫోన్‌లో మౌ చెప్పింది. "దీదీ, మాస్టారు లేరు" అంది. మౌ మా వాలీబాల్ జట్టులో ఆడేది, నాకన్నా ఒక క్లాసు చిన్నది. మా ఇద్దరి మధ్య ఇవాళ్టికీ మాటలున్నాయంటే అది ఆయన చలవే.

ఆయనది శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం. గోల్‌బజార్లో చేపలు బేరమాడితే బెంగాలీ, పిల్లల్ని వరసలో నిలబెడితే హిందీ, కోపమొస్తే మాత్రం తెలుగు. రోజూ ఆట మొదలయ్యే ముందు బంతిని రెండు బొటనవేళ్లతో నొక్కి చూసి, చెవి దగ్గర పెట్టుకునేవారు. ఏం వినేవారో మేం అడగలేదు.

నేను కెప్టెన్‌గా ఉన్న ఏడు మేం అంతర పాఠశాలల పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లాం. సెమీఫైనల్లో మౌ మూడుసార్లు సర్వీసు నెట్టుకు కొట్టింది. మూడోసారి నేను అందరి ముందూ అరిచాను, "ఓడిపోతే నీవల్లే" అని. గెలిచాం గానీ మౌ ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయింది. ఫైనల్లో తనచేత సర్వీసు చేయించొద్దని మాస్టారితో చెప్పిందట. వాలీబాల్లో అది కుదరదు. వరస తిరిగేకొద్దీ అందరూ చేయాల్సిందే. తనకు బదులు దించుదామంటే మా ఏడో అమ్మాయి జ్వరంతో పడుకుంది.

ఆ సాయంత్రం జట్టుకు చెప్పడానికి రెండు పేజీల ప్రసంగం రాశాను. మర్నాడు మైదానంలో మాస్టారు దాన్ని నిలబడే చదివారు.

"బాగుందమ్మా. ఇది ఎవులికి?"

"మా జట్టుకి, మాస్టారూ."

"ఇందులో ఒక్క పిల్ల పేరూ నేదేటి? చరిత్ర, కీర్తి, సింహాలు... గుండె దడదడలాడతున్నపుడు ఇయ్యన్నీ సెవికెక్కవు. ఒక్క నిమిషం మాట్లాడు. ఉన్నమాట సెప్పు. ఒకొక్కలు ఏటి బాగా సేస్తారో, నువ్వు సూసిందే సెప్పు. మొదటి బంతికి ఏటి సెయ్యాలో సెప్పు. తప్పు జరిగితే ఏటి సెయ్యాలో కూడా ఇప్పుడే సెప్పీ. గెలవండని మాత్రం సెప్పకు. అది ఆల్లకీ తెలుసు."

"మౌ సంగతి?"

ఆయన కాగితాలు మడిచి నా చేతిలో పెట్టారు. "నిన్న అందరి ముందూ అన్నావు కదా. మరి ఇది సాటుగా సెప్తావేటి?"

టాస్ వేసొచ్చాక ఆరుగురం గుండ్రంగా నిలబడ్డాం. ఆయన దూరంగా గట్టు మీదకు వెళ్లిపోయారు. కెప్టెన్ మాట్లాడేటప్పుడు మాస్టారు అక్కడ ఉంటే పిల్లలు మాస్టారినే చూస్తారనేవారు. హిందీలో మొదలుపెట్టాను, అది అందరికీ వచ్చు గనుక.

"నిన్న మౌ మీద అరిచాను. తప్పు నాది. మౌ, నన్ను క్షమించు. వాళ్లు మనకన్నా పొడుగు. నాకూ భయంగానే ఉంది. కానీ సరితా, నువ్వు లేపే బంతి ఎప్పుడూ ఒకే ఎత్తుకొస్తుంది. రేఖా, నువ్వు వాళ్ల భుజం చూసి ముందే ఎగురుతావు. మౌ, వెనక వరసలో నీ దగ్గర బంతి నేల తాకడం నేను చూడలేదు." మిగతా ఇద్దరికీ ఇలాగే చెప్పాను. "మొదటి బంతిని ఎత్తుగా, మధ్యలోకి లేపుదాం. అంతే. ఎవరి చేతిలో తప్పినా, మిగతా అందరం 'తర్వాతి బంతి' అందాం. వేరే మాట వద్దు."

ఆరు చేతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అన్నిటికన్నా చివర మౌ చెయ్యి. "ఠీక్ హై, దీదీ" అంది.

మొదటి సెట్ పోయింది. రెండోది మాది. మూడో సెట్లో పదమూడు, పదమూడు దగ్గర సర్వీసు మౌకి వచ్చింది. కొట్టింది. బంతి నెట్టుకు తగిలి మావైపే పడింది. మౌ నా ముఖం చూసింది.

"తర్వాతి బంతి" అన్నాను. నా గొంతు ఆగకముందే నలుగురూ అదే అన్నారు.

తర్వాతి బంతి మాకే వచ్చింది, పద్నాలుగు, పద్నాలుగు. వరస తిరిగి సర్వీసు నాది. ఇంకో పాయింటు దొరికింది. ఆఖరి బంతిని వాళ్ల పొడుగమ్మాయి బలంగా దించితే, వెనక వరసలో మౌ మోకాళ్ల మీద జారి పైకి లేపింది. సరిత అందించింది, రేఖ కొట్టింది. పదహారు, పద్నాలుగు.

మేం ఒకరి మీద ఒకరం పడి నవ్వుతూ ఏడుస్తూ గట్టు వైపు చూస్తే మాస్టారు అక్కడ లేరు. నెట్టుకు అవతల, ఓడిపోయిన జట్టు కెప్టెన్ పక్కన గొంతుక్కూర్చుని ఏదో చెబుతున్నారు. ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అమ్మాయి జెర్సీ అంచుతో ముఖం తుడుచుకుని లేచింది. అక్కడొకరు ఇక్కడొకరుగా కూర్చున్న తన జట్టు పిల్లల్ని ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలవసాగింది.